భక్తి పాటల వీడియోకు టైటిల్, డిస్క్రిప్షన్: పల్లవి ఎక్కడ, స్వామి పేరు ఎక్కడ, స్పెల్లింగులు ఎక్కడ

ప్రశ్న: మాది చిత్తూరు. మా భజన బృందం పాడిన అన్నమయ్య కీర్తనలు, గంగమ్మ పాటలు యూట్యూబ్‌లో పెడుతున్నాం. పాట పేరు కొట్టినా మా వీడియో కనబడదు. టైటిల్ తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషు అక్షరాల్లోనా? స్వామి పేర్లన్నీ వేయాలా? ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్ కొడతారు కదా, దానికేం చేసేది? పాత వీడియోల టైటిళ్లు మార్చొచ్చా?

జవాబు:

టైటిల్ పల్లవి మొదటి మాటలతో మొదలవ్వాలి, తెలుగు లిపిలో. దాని పక్కనే అవే మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో, జనం ఎక్కువగా కొట్టే ఒక్క స్పెల్లింగులో. ఆ తర్వాత ఇంకొక్క విషయం చాలు: అన్నమయ్య కీర్తన అనో, కోలాటం పాట అనో, ఊరి పేరో. స్వామి పేర్లన్నీ టైటిల్లో వద్దు. పాట మొత్తం సాహిత్యం డిస్క్రిప్షన్‌లో పెట్టండి, ముందు తెలుగులో, కింద ఇంగ్లీషు అక్షరాల్లో. తప్పు స్పెల్లింగులు ట్యాగుల్లోకి వెళ్లాలి, అవి కనబడే చోట ఉండకూడదు. పాతవి మార్చొచ్చు గానీ అన్నీ కాదు, దాని సంగతి చివర్లో చెబుతాను.

నేను తిరుపతిలో భజన బృందాలకు, ఇద్దరు ముగ్గురు గాయకులకు చానల్ పని చూస్తుంటాను. ఇది ఆ అనుభవంతో చెబుతున్నది. మీ వీడియోలు నేను చూడలేదు కాబట్టి మీరు పాడే అవకాశమున్న ఒక కీర్తనను పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చేసి చూపిస్తాను.

ముందు ఒక్క మాట. భక్తి పాట వెతికేవాళ్లలో చాలామందికి పాట పేరు తెలియదు. గుడి మైకులో విన్న ఒక లైను గుర్తుంటుంది, అదే కొడతారు. కీర్తనకు వేరే పేరంటూ లేదు, పల్లవి ఎత్తుగడే దాని పేరు. అందుకే "శ్రీవారి అద్భుత భక్తి గీతం", "మనసుకు ప్రశాంతత నిచ్చే పాట" లాంటి టైటిళ్లు ఎంత బాగున్నా వాటిని ఎవరూ వెతకరు. సగం చానళ్లలో జరిగేది ఇదే. పల్లవి తంబ్‌నెయిల్ మీద పెద్దక్షరాల్లో ఉంటుంది, టైటిల్లో మాత్రం ఉండదు. బొమ్మ మీద ఎంత రాసినా టైటిల్లో రాసినట్టు లెక్కలోకి వస్తుందని నమ్ముకోకండి.

ఒక కీర్తన తీసుకుందాం

"కొండలలో నెలకొన్న కోనేటి రాయడు వాడు". మన వైపు ప్రతి భజన మందిరంలోనూ వినబడేదే. తాళ్లపాక అన్నమాచార్యుల సాహిత్యం, మూడు చరణాలు. నేనైతే టైటిల్ ఇలా పెడతాను:

```
కొండలలో నెలకొన్న కోనేటి రాయడు వాడు | Kondalalo Nelakonna Lyrics | అన్నమయ్య కీర్తన
```

యూట్యూబ్ టైటిల్‌కు 100 అక్షరాల వరకు చోటిస్తుంది. తెలుగులో గుణింతం, ఒత్తు, సున్న విడివిడిగా లెక్కకొస్తాయి. "కొన్న" మనకు రెండక్షరాలు, అక్కడ అయిదు. ఆ లెక్కన పైన తెలుగు పల్లవి ఒక్కటే ఖాళీలతో కలిపి 34, మొత్తం టైటిల్ 81. ఇంకో 19 మిగిలాయి కదా అని ఏదో ఒకటి ఇరికించకండి. ఫోనులో వెతికినప్పుడు టైటిల్ చివరి భాగం ఎలాగూ తెగిపోతుంది. మొదటి యాభై అరవైలో పల్లవి రెండు లిపుల్లోనూ కనబడితే మన పని అయిపోయినట్టే.

తెలుగు ముందెందుకంటే, పెద్దవాళ్లు ఇప్పుడు టైపు చేయడం మానేసి మైకు గుర్తు నొక్కి చెబుతున్నారు. ఫోను భాష తెలుగులో ఉంటే చెప్పింది తెలుగు లిపిలోనే పడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు ఎందుకంటే, వయసులో ఉన్నవాళ్లు, బయటి రాష్ట్రాల్లో ఉన్న మనవాళ్లు ఇంకా `kondalalo nelakonna` అనే కొడతారు. యూట్యూబ్ ఒక లిపిలో కొట్టినదాన్ని ఇంకో లిపిలో ఉన్నదానితో కొంతవరకు కలుపుకుంటుంది. బాగా పేరున్న పాటలకు ఆ కలపడం బాగానే జరుగుతుంది. గంగమ్మ పాటల్లాంటి మన ఊరి పాటలకు దాన్ని నమ్ముకోలేం. కాబట్టి రెండూ మనమే రాయడం మేలు.

`Lyrics` అన్న మాట వీడియోలో అక్షరాలు కనబడుతున్నా, డిస్క్రిప్షన్‌లో సాహిత్యం ఉన్నా మాత్రమే వేయండి. లేకుండా వేస్తే, సాహిత్యం కోసం వచ్చినవాళ్లు పది సెకన్లలో వెళ్లిపోతారు. అలా వెళ్లిపోవడం మీ వీడియోకు చెడ్డపేరు తెస్తుంది.

ఇక్కడ అసలు పరిమితి కూడా చెప్పాలి. ఇంత పేరున్న కీర్తనకు ఎంత చక్కటి టైటిల్ పెట్టినా, పెద్ద గాయకుల వీడియోలను దాటి పైకి రావడం కష్టం. ఈ వీడియో ఈ వెతుకులాటకు సరిపోతుందని చెప్పడం వరకే టైటిల్ పని. ఆ తర్వాత ఎంతమంది నొక్కారు, ఎంతసేపు విన్నారు అన్నదే వరుసను నిర్ణయిస్తుంది. చిన్న చానల్‌కు దారి ఎక్కడుందంటే, పల్లవి కాకుండా వేరే మాటలతో వెతికేవాళ్ల దగ్గర, "కోలాటం", "చెక్కభజన", "పండరి భజన", "నేర్చుకోవడానికి" అని కలిపి వెతికేవాళ్ల దగ్గర ఉంది. మీది చెక్కభజన అయితే టైటిల్లో "అన్నమయ్య కీర్తన" తీసి "చెక్కభజన" పెట్టండి. అన్నమయ్య పేరు డిస్క్రిప్షన్ మొదటి లైనులోకి వెళ్తుంది, నష్టం లేదు.

డిస్క్రిప్షన్: మొదటి రెండు లైన్లు, ఆ తర్వాత సాహిత్యం

డిస్క్రిప్షన్‌కు 5000 అక్షరాల చోటుంది. అందులో నొక్కకుండా కనబడేది మొదటి రెండు మూడు లైన్లే. అక్కడ "మా చానల్‌ను సబ్‌స్క్రయిబ్ చేయండి, గంట గుర్తు నొక్కండి" అని రాసి చోటు పాడు చేసుకుంటారు. దాన్ని కిందికి తోసి, పైన ఇలా రాయండి:

```
కొండలలో నెలకొన్న కోనేటి రాయడు వాడు: తిరుమల వేంకటేశ్వరస్వామి మీద
తాళ్లపాక అన్నమాచార్య సంకీర్తన. పూర్తి సాహిత్యం తెలుగులోనూ,
ఇంగ్లీషు అక్షరాల్లోనూ కింద ఉంది.
```

దాని కింద పాట మొత్తం. కొంతమంది పల్లవి, మొదటి చరణం పెట్టి చుక్కలు పెట్టేస్తారు. కానీ మీకు మనుషుల్ని తెచ్చేది చరణాలే. ఈ కీర్తనలో మొదటి చరణం "కుమ్మర దాసుడైన కురువరతి నంబి" అని ఎత్తుకుంటుంది. రెండోదాంట్లో అనంతాళ్వారు చెరువు తవ్వుతుంటే స్వామి మన్ను మోసిన సంగతి ఉంది, తర్వాత తిరుమల నంబి వస్తాడు. మూడోదాంట్లో కంచి తిరుకచ్చి నంబి. హరికథలో అనంతాళ్వారు గునపం కథ విన్నాయన ఒకాయన, ఆ స్వామి మన్ను మోసిన పాట ఏదో అని వెతుకుతాడు. ఆయనకు పల్లవి తెలియదు. పెద్ద చానళ్లు చాలా వరకు చరణాలు పెట్టవు. అక్కడ మీ వీడియోకు పోటీ తక్కువ.

అందుకే సాహిత్యం తర్వాత, నాలుగైదు వాక్యాల్లో తాత్పర్యం రాయమంటాను. మట్టిపూలతో పూజించిన కుమ్మరి భక్తుడు, తొండమాన్ చక్రవర్తి, అనంతాళ్వారు, తిరుమల నంబి, తిరుకచ్చి నంబి, వీళ్లలో ఒక్కొక్కరికి స్వామి ఏం చేశాడో ఒక్కో వాక్యం. మామూలు వాడుక భాషలో రాయాలి. సాహిత్యంలో "ననంతాళువారికి" అని సంధి కలిసి ఉంటుంది, వెతికేవాళ్లు "అనంతాళ్వార్" అని కొడతారు. తాత్పర్యంలో ఆ వాడుక రూపం సహజంగా వచ్చేస్తుంది. పేర్లను వరుసగా పోగేయాల్సిన పని లేకుండానే పని జరుగుతుంది.

సాహిత్యం టైపు చేయడంలో మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది అరసున్న. పాత ముద్రణల్లో, తాళ్లపాక సంకీర్తనల సంపుటాల్లో "రాయఁడు వాఁడు" అని ఉంటుంది. దాన్ని చూసి అలాగే దించితే శాస్త్రం ప్రకారం సరే. కానీ ఫోనులో అరసున్న ఎవరూ కొట్టరు, మైకు కూడా రాయదు. టైటిల్లోనూ డిస్క్రిప్షన్‌లోనూ అరసున్న, బండి ర లేకుండా వాడుక రూపమే పెట్టండి. వీడియో తెర మీద వేసే అక్షరాల్లో మాత్రం మీ గురువుగారు కోరితే పాత రూపమే ఉంచుకోవచ్చు. దాన్ని ఎవరూ వెతకరు, చదువుకుంటారు.

రెండోది సంధులు, పదాల మధ్య ఖాళీలు. "ఇమ్మన్న వరములెల్ల నిచ్చిన వాడు" అని పుస్తకంలో ఉంటుంది. విన్నవాడికి "వరములెల్ల ఇచ్చిన వాడు" అని వినబడుతుంది. నేను పాఠం మార్చను, పుస్తకంలో ఉన్నట్టే ఉంచుతాను. కానీ అక్షరాలన్నీ కలిపేసి "వరములెల్లనిచ్చినవాడు" అని ఒకే ముద్దగా రాయను. మాటలు విడివిడిగా ఉంటే సగం వెతుకులాటలకు సరిపోతాయి. అన్నీ అతుక్కుపోయి ఉంటే ఒక్కదానికీ సరిపోకపోవచ్చు.

మూడోది ఫాంట్. మన దగ్గర చాలా బృందాల సాహిత్యం డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో చేయించింది ఉంటుంది. కరపత్రం, పాటల పుస్తకం కోసం చేసినది. అది యూనికోడ్ కాదు. దాన్ని కాపీ చేసి డిస్క్రిప్షన్‌లో అతికిస్తే పిచ్చి పిచ్చి గుర్తులు పడతాయి. కన్వర్టర్‌లో వేసి మారిస్తే అక్షరాలు వస్తాయి గానీ ఒత్తులు జారిపోతాయి, "న్న" ఉన్నచోట "న", "ళ్లు" ఉన్నచోట "ళు" మిగులుతుంది. కంటికి చిన్న తప్పే, వెతుకులాటకు మాత్రం వేరే మాట. ఎలా తెలుస్తుందంటే, ఆ ముక్కను వాట్సాప్‌లో మీకు మీరే పంపుకుని ఫోనులో చదవండి. తర్వాత అందులో ఒక మాటను కీబోర్డుతో టైపు చేసి, ఆ మెసేజిలో వెతకండి. దొరికితే సరిగ్గా ఉన్నట్టు. దొరకకపోతే ఆ పాటను ఓపికగా మళ్లీ టైపు చేసుకోవడమే నయం, మూడు చరణాలకు పావుగంట పని.

హక్కుల సంగతి కూడా ఇక్కడే. అన్నమయ్య సాహిత్యం ఎవరైనా పెట్టుకోవచ్చు. కానీ మీరు పాడిన బాణీ ఈ కాలపు విద్వాంసులు ఎవరో కట్టినదై ఉండొచ్చు. కట్టింది ఎవరో తెలిస్తే వాళ్ల పేరు డిస్క్రిప్షన్‌లో వేయండి, అవసరమైన చోట అనుమతి తీసుకోండి. ఇప్పటి రచయితలు రాసిన పాటైతే సాహిత్యం మొత్తం పెట్టే ముందు వాళ్లను అడగాలి.

స్పెల్లింగులు

తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి మనకు ఒక పద్ధతంటూ లేదు. త ను ఒకరు `t` అంటారు, ఒకరు `th` అంటారు. శ కు `s`, `sh` రెండూ ఉన్నాయి. దీర్ఘం కొందరు రెండక్షరాలతో రాస్తారు, కొందరు వదిలేస్తారు. ఈ కీర్తనకే `koneti rayadu vadu`, `koneti rayudu vaadu`, `koneti raayadu`, `kondalantha varamulu guppedu vadu` అని రకరకాలుగా కొడతారు. ఇవన్నీ టైటిల్లో వేయలేం, వేయకూడదు.

టైటిల్‌కు ఏది ఎంచుకోవాలో తెలుసుకోవడానికి డబ్బు పెట్టి ఏ సాధనమూ కొనక్కర్లేదు. ఫోనులో కాకుండా కంప్యూటర్లో బ్రౌజర్ `Incognito` కిటికీ తెరిచి (మీ పాత వెతుకులాటల ప్రభావం లేకుండా) యూట్యూబ్‌లో `kondalalo n` దాకా కొట్టి ఆగండి. కింద వచ్చే సూచనలు జనం నిజంగా కొట్టే రూపాలు. తర్వాత `koneti r` కొట్టి చూడండి. రెండు రూపాల మధ్య ఎటూ తేలకపోతే `Google Trends`లో రెండూ పక్కపక్కన వేసి, పైన `Web Search` ఉన్నచోట `YouTube Search` ఎంచుకుని పోల్చండి. చిన్న పాటలకు అక్కడ ఏమీ చూపించదు. అప్పుడు సూచనల్లో పైన వచ్చిందే తీసుకోండి.

మిగిలిన రూపాలకు రెండు చోట్లున్నాయి. ఒకటి, ఇంగ్లీషు అక్షరాల సాహిత్యం. జనం దీర్ఘం లేకుండా కొట్టే మాటను ఇక్కడ దీర్ఘాలతో `Koneti Raayadu Vaadu` అని రాయొచ్చు. కానీ సాహిత్యం మొత్తానికి ఒకే పద్ధతి పాటించండి, లైనుకో రకంగా రాస్తే పాడుకునేవాళ్లు తిట్టుకుంటారు. రెండోది ట్యాగులు:

```
kondalalo nelakonna, koneti rayudu, koneti rayadu vaadu,
kondalantha varamulu, కోనేటి రాయుడు, annamayya keerthanalu,
annamacharya kirtanalu
```

ట్యాగుల ప్రభావం చాలా తక్కువ అని యూట్యూబే చెబుతుంది. మామూలుగా తప్పుగా రాసే మాటలున్నప్పుడు మాత్రమే అవి పనికొస్తాయని కూడా చెబుతుంది. మన పని సరిగ్గా అదే కాబట్టి ఆ ఏడెనిమిది చాలు. మొత్తం ట్యాగులకు 500 అక్షరాల చోటుందని దాన్ని నింపాల్సిన పని లేదు.

"కోనేటి రాయుడు" సంగతి కొంచెం వేరు. అది స్పెల్లింగ్ తప్పు కాదు, చాలామంది అలాగే పాడతారు కూడా. అలాంటి దాన్ని ట్యాగుల్లో వేసి ఊరుకోకుండా, తాత్పర్యంలో కూడా ఒక వాక్యంగా రాస్తాను: "దీన్నే కొందరు కోనేటి రాయుడు అని కూడా పాడుతుంటారు." చదివేవాడికి అది సమాచారం, వెతికేవాడికి దారి.

చేయకూడనిది ఒకటుంది. డిస్క్రిప్షన్ అడుగున ఇరవై ముప్పై స్పెల్లింగులు, పాటల పేర్లు, గాయకుల పేర్లు కామాలతో కుప్పపోస్తారు. డిస్క్రిప్షన్‌లో అలా ట్యాగులు పోగేయడం యూట్యూబ్ స్పామ్ నియమాలకు విరుద్ధం, వీడియో తీసేసే దాకా పోవచ్చు. మీ పాటలో లేని ప్రముఖ గాయకుల పేరు వేయడం ఇంకా చెడ్డది, అది తప్పుదారి పట్టించడం కిందికి వస్తుంది. హ్యాష్‌ట్యాగులు కూడా రెండు మూడు చాలు. 60 దాటితే మొత్తం అన్నింటినీ పక్కన పెట్టేస్తుంది.

స్వామి పేర్లు

వేంకటేశ్వరస్వామికి చాలా పేర్లున్నాయి: శ్రీనివాసుడు, గోవిందుడు, ఏడుకొండలవాడు, బాలాజీ, పెరుమాళ్. కానీ ఒక్కో పేరు వెనక వెతికే మనిషి వేరు. బాలాజీ అని వెతికేది ఎక్కువగా హిందీవాళ్లు, పెరుమాళ్ అనేది తమిళులు. తెలుగు కీర్తన కోసం వచ్చే తెలుగువాడు ఆ రెండూ కొట్టడు. తెలుగు టైటిల్లో ఈ పేర్లన్నీ వేస్తే హిందీ భజన కోసం వెతికినాయనకు మీ వీడియో చూపిస్తారు, ఆయన నొక్కడు. నొక్కినా వినడు. అది మీకు లాభం కాదు, నష్టం.

చిత్తూరు అంటే తమిళనాడు అంచు, మీకు వేలూరు, తిరుత్తణి వైపు వినేవాళ్లు నిజంగానే ఉండొచ్చు. దానికి సరైన దారి `YouTube Studio`లో భాషల విభాగంలో అదే వీడియోకు తమిళ టైటిల్, తమిళ డిస్క్రిప్షన్ విడిగా చేర్చడం. తమిళం ఎంచుకున్నవాళ్లకు ఆ టైటిల్ కనబడుతుంది, అక్కడ పెరుమాళ్ అని రాయండి. హిందీ టైటిల్లో బాలాజీ అనండి. తమిళం రాయడం వచ్చినవాళ్లతో రాయించండి, యంత్రం చేసిన అనువాదం పల్లవిని కూడా అర్థం చేసేసి పాడు చేస్తుంది. పల్లవిని అనువదించకూడదు, ఆ లిపిలో దించాలి అంతే.

తెలుగులోనే "వేంకటేశ్వర", "వెంకటేశ్వర" అని రెండున్నాయి. దేవస్థానం వాడేది దీర్ఘంతో, జనం టైపు చేసేది ఎక్కువగా హ్రస్వంతో. ఒకటి మొదటి లైనులో, ఇంకొకటి తాత్పర్యంలో వస్తే సరిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో `Venkateswara` మన వైపు వాడుక, `Venkateshwara` బయట ఎక్కువ. ఆ రెండోదాన్ని ట్యాగుల్లో వేయండి.

దీనికన్నా పెద్ద చిక్కు "అమ్మవారు" దగ్గర వస్తుంది. తిరుపతిలో అమ్మవారు అంటే ఒకరికి తిరుచానూరు పద్మావతి, ఒకరికి తాతయ్యగుంట గంగమ్మ. చిత్తూరులో అదే మాటకు మీ ఊరి గంగమ్మ. శ్రీకాళహస్తిలో జ్ఞానప్రసూనాంబ. నేను చూసే ఒక బృందం గంగమ్మ జాతర పాట పెట్టి "అమ్మవారి పాట | భక్తి గీతం" అని టైటిల్ వేసింది. `Analytics`లో చూస్తే వెతుకులాట ద్వారా వచ్చినవాళ్లు లక్ష్మీదేవి పాటల కోసం, శుక్రవారం పూజ పాటల కోసం వచ్చినవాళ్లు. డప్పు మొదలవగానే వెళ్లిపోయారు. ఆ పాట కావలసినవాళ్లేమో `thathaiahgunta gangamma song`, "గంగజాతర పాట", "మాతంగి వేషం పాట" అని వెతుకుతున్నారు.

ఆ టైటిల్‌ను పాట ఎత్తుగడ మాటలతో మొదలుపెట్టి, "తిరుపతి గంగమ్మ జాతర పాట | Tirupati Gangamma Jatara Song" అని మార్చాం. డిస్క్రిప్షన్‌లో జాతర వేషాల గురించి రెండు వాక్యాలు: బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, పాటలో ఏ వేషం ప్రస్తావన ఉందో దానితో సహా. తాతయ్యగుంటను ఇంగ్లీషులో `Thathaiahgunta`, `Tataiahgunta`, `Thatayyagunta` అని ఎవరికి తోచినట్టు వాళ్లు రాస్తారు కాబట్టి ఒకటి డిస్క్రిప్షన్‌లో, మిగతావి ట్యాగుల్లో. ఆ తర్వాత మే నెల జాతరప్పుడు వెతుకులాట మాటల పట్టికలో గంగమ్మ పేరున్నవే పైకి వచ్చాయి. విన్న సమయం కూడా పెరిగింది. గ్రామదేవత పాటకు ఊరి పేరు, అమ్మ పేరు రెండూ కలిపి వేయడం తప్పనిసరి అని నా అభిప్రాయం. మీ పాటలు చిత్తూరు గంగమ్మవి అయితే చిత్తూరు అని వేయండి, తిరుపతి జాతరకు జనం ఎక్కువ కదా అని తిరుపతి పేరు వాడుకోకండి. వాళ్లకు తేడా తెలుస్తుంది, కామెంట్లలో అంటారు.

టైటిల్లో సంవత్సరం వేసే అలవాటు ఉంది. జాతర ఊరేగింపు వీడియోకు అది అవసరం, పాటకు వద్దు. మరుసటి ఏడు మే నెలకే పాతబడినట్టు కనబడుతుంది.

పొడవైన స్తోత్రాలు

మీరు అడగలేదు గానీ భజన బృందాలు సుప్రభాతం కూడా పెడతాయి. వేంకటేశ్వర సుప్రభాతం నాలుగు భాగాలూ రెండు లిపుల్లో రాస్తే 5000 అక్షరాల్లో పట్టదు. చాలామంది దాన్ని మధ్యలో తెంచేస్తారు. దానికి బదులు చాప్టర్లు పెట్టండి, ప్రతి చాప్టర్ పేరులో ఆ భాగం ఎత్తుగడ ఉండాలి: "స్తోత్రం: కమలాకుచ చూచుక కుంకుమతో", "ప్రపత్తి: ఈశానాం జగతోస్య", "మంగళాశాసనం: శ్రియఃకాంతాయ కళ్యాణనిధయే". చాలామందికి ఇవి సుప్రభాతంలో భాగాలని తెలియదు, విడి పాటలనుకుని ఆ మొదటి మాటలతోనే వెతుకుతారు. చాప్టర్లు పనిచేయాలంటే మొదటి సమయం `0:00` కావాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. పూర్తి పాఠాన్ని క్యాప్షన్లుగా ఎక్కిస్తే వింటూ చదువుకునేవాళ్లకు సరిపోతుంది.

పాత వీడియోలు

టైటిల్ మార్చితే వీడియో పోతుందని, చూసిన సంఖ్య సున్నా అవుతుందని కొందరు భయపడతారు. అలాంటిదేమీ లేదు. కానీ బాగా నడుస్తున్న వీడియోను కదిలించడం అనవసరం.

`YouTube Studio`లో ఒక్కో పాత వీడియో `Analytics` తెరిచి, వచ్చినవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారో చూపించే చోట `YouTube search` నొక్కండి. వాళ్లు ఏ మాటలు కొట్టి వచ్చారో కనబడుతుంది. వెతుకులాట నుంచి బాగా వస్తూ, కొట్టిన మాటలు పాటకు సరిపోతుంటే టైటిల్ ముట్టుకోకండి, డిస్క్రిప్షన్‌లో సాహిత్యం లేకపోతే అది మాత్రం చేర్చండి. వెతుకులాట నుంచి ఎవరూ రావడం లేదంటే టైటిల్లో పల్లవి ఉందో లేదో చూడండి, సాధారణంగా ఉండదు, దాన్ని ముందు సరిచేయండి. వస్తున్నారు గానీ వేరే పాట కోసం వస్తున్నారంటే టైటిల్లో ఏదో ఒక పేరు తప్పుదారి పట్టిస్తున్నట్టు, ఆ పేరు తీసేయండి. ఆ పట్టికలో మీరు ఊహించని స్పెల్లింగ్ ఒకటి మళ్లీ మళ్లీ కనబడితే, మీ టైటిల్లో ఉన్న ఇంగ్లీషు రూపం బదులు దాన్నే పెట్టేయొచ్చు.

అన్నీ ఒకే రోజు మార్చకుండా ముందు నాలుగైదు వీడియోలకు చేయండి. మార్చిన తేదీ, పాత టైటిల్ ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి, ఎందుకంటే యూట్యూబ్ మీకు పాత టైటిల్ తిరిగి చూపించదు. నాలుగు వారాలు ఆగి `Last 28 days` పెట్టి అంతకుముందు 28 రోజులతో పోల్చండి. మధ్యలో వైకుంఠ ఏకాదశో, బ్రహ్మోత్సవాలో, జాతరో వస్తే ఆ పోలిక చెల్లదు. ఆ రోజుల్లో ఏ టైటిల్‌కైనా జనం వస్తారు.

మీ వీడియోల్లో ఒకదాని టైటిల్, డిస్క్రిప్షన్ ఇక్కడ అలాగే అతికించండి. పట్టికలో పైన ఉన్న పది వెతుకులాట మాటలు కూడా పెడితే, ఏది తీయాలో ఏది ఉంచాలో చూసి చెబుతాను.